రాఘవరావు రామయ్య అయిన చోట

'మా భూమి'ని నేను మొదట చూసింది 1980లో, సికింద్రాబాద్‌లో ఒక ఉదయపు ఆటకు, మా నాయన పక్కన కూర్చుని. నాకప్పుడు పదిహేనేళ్లు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో రాత్రి డ్యూటీ ముగించుకొని, ఇంటికి రాకుండా నన్ను నేరుగా థియేటర్ దగ్గరికి రమ్మన్నాడు. ఆట అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. బయటికి వచ్చాక చిలకలగూడ దాకా నడిచే వచ్చాం. దారిలో ఒక్కటే అన్నాడు: "కిషన్ చందర్ కితాబు చదివితివంటె ఇంకో తీరుగ ఏడుస్తవు బిడ్డా."

ఆ కితాబు పేరు 'జబ్ ఖేత్ జాగే'. తెలంగాణ రైతుల పోరాటం మీద 1950ల తొలినాళ్లలో కృష్ణ చందర్ ఉర్దూలో రాసిన చిన్న నవల. ఈ సినిమాకు మూలం అదే. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నాడు గనుక మా నాయనకు అది చేతికందింది. నాకు అందలేదు. ఆయన రిటైరయ్యాక ఒక ఎండాకాలం, కరెంటు పోయిన రాత్రుల్లో, ఆరు బయట మంచం మీద కూర్చొని దాన్ని చదివి వినిపించాడు. ఒక పేరా ఉర్దూలో చదివేవాడు, అర్థం తెలుగులో చెప్పేవాడు. అలా వెనకటి సినిమాను ముందు చూసి, ముందటి నవలను వెనక విన్నాను. సినిమాలో ఏం పోయిందని వెతికే అవకాశమే నాకు లేకపోయింది. ఈ నవలలోంచి వాళ్లు ఏం విన్నారు అన్న ప్రశ్నే మిగిలింది. ఇన్నేళ్లుగా నాతో ఉన్నది ఆ ప్రశ్నే.

తెలుగువాళ్లకు ఆ ప్రశ్న కొత్తదేమీ కాదు. తిక్కన భగవద్గీతను కొద్ది పద్యాల్లోకి కుదించాడని ఎవరూ ఆయన మీద వ్యాజ్యం వేయలేదు. యుద్ధం మొదలవబోతున్న క్షణాన కథకు ఎంత కావాలో అంత తీసుకున్నాడు. ఆ కొలతను మనవాళ్లు ఔచిత్యం అన్నారు. సినిమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకో ఆ కొలత పక్కన పెట్టి, పుస్తకంలో ఉన్నది తెర మీద ఉందా లేదా అని లెక్క చూస్తాం. 'మా భూమి'ని ఆ లెక్కతో చూస్తే చేతికి వచ్చేది చాలా తక్కువ.

పేరుతోనే మొదలుపెడతాను. 'జబ్ ఖేత్ జాగే' అంటే పొలాలు మేల్కొన్నప్పుడు. ఎక్కడో నిలబడి చూస్తున్న మనిషి అనే మాట అది. అందులో ప్రేమ ఉంది, ఆశ్చర్యం ఉంది, దూరం కూడా ఉంది. కృష్ణ చందర్ ఈ నేలకు అతిథి. 1945లో హైదరాబాద్‌లో జరిగిన అభ్యుదయ రచయితల మహాసభకు బొంబాయి నుంచి రైలెక్కి వచ్చి, ఆ ప్రయాణాన్ని 'పౌదే' అనే పుస్తకంగా రాశాడు. వచ్చి, చూసి, కదిలిపోయిన మనిషి చూపే నవలలోనూ ఉంది. సినిమా పేరు 'మా భూమి'. ఇక్కడ మాట్లాడుతున్నది పొలంలో ఉన్నవాడు. ఆ పేరు వెనక తెలుగు రంగస్థలం ఉంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాయగా ప్రజానాట్యమండలి 1947లో ఊరూరా ఆడిన నాటకం పేరు అదే. నిర్మాత బి. నరసింగరావు నవల నుంచి కథను తీసుకొని, దానికి నాటకం పేరు పెట్టాడు. చూసేవాడి కథ అక్కడే ఉన్నవాడి కథ అయింది. సినిమాలో జరిగిన మార్పులన్నీ ఆ ఒక్క అక్షరం 'మా'లోంచే మొలిచాయని నాకు అనిపిస్తుంది.

నరసింగరావు మన సికింద్రాబాద్‌కు ఆనుకొని ఉన్న అల్వాల్ మనిషి. పుట్టింది గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్, భూస్వామ్య కుటుంబంలో. అల్వాల్‌లో ఆయన నడిపిన 'ఆర్ట్ లవర్స్' బృందంలోకి 1970ల మొదట్లో బుర్రకథ చెప్పే ఒక యువకుడు వచ్చాడు. విఠల్‌రావు అసలు పేరు, తరవాత గద్దర్. జననాట్యమండలి ఆ బృందంలోంచే పుట్టింది. దర్శకుడు గౌతమ్ ఘోష్ కలకత్తా కుర్రవాడు, అప్పటికి ముప్పై కూడా నిండలేదు. కరువు మీద 'హంగ్రీ ఆటమ్' అనే డాక్యుమెంటరీ తీసినవాడు. కథాచిత్రం తీయడం ఇదే మొదలు. తెలుగు రాదు. మెదక్ జిల్లా మంగళపర్తిలో, రంగు లేని ఫిల్మ్ మీద తీశారు. బెంగాల్ కరువు మీద కృష్ణ చందర్ 'అన్నదాత' రాస్తే దాని ఆధారంగా 1946లో 'ధర్తీ కే లాల్' వచ్చింది. ముప్పై ఏళ్ల తరవాత ఒక బెంగాలీ వచ్చి అదే రచయిత రాసిన తెలంగాణను తెర మీదికి ఎత్తాడు. ఈ బాకీ తీరిన తీరు నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఇప్పుడు కథానాయకుడి పేరు. నవలలో అతను రాఘవరావు. వెట్టివాడి కొడుకు. మా నాయన చదువుతూ ఆ పేరు వచ్చినప్పుడల్లా కాస్త ఆగేవాడు. ఒక రోజు అడిగితే చెప్పాడు: "ఆ దినాలల్ల మా ఊర్లె వెట్టోని కొడుకును రావు అని ఎవరు పిలుస్తరు? రావు అంటె దొర, లేకుంటె పట్వారి." ఉర్దూ రచయితకు 'రావు' దక్కన్ మనిషికి గుర్తుగా వినిపించి ఉంటుంది. తెలంగాణ చెవికి అది గడీలోంచి వచ్చే పిలుపు. సినిమా అతన్ని రామయ్య చేసింది. వాడుకలో ఆ పేరు ఏమవుతుందో మనకు తెలుసు. తల్లికి రామయ్య, ఈడువాళ్లకు రాములు, దొరకు రామిగాడు. ఒక పేరు మనిషిని బట్టి ఇన్ని మెట్లు దిగడంలో వెట్టి వ్యవస్థ మొత్తం ఉంది. దాన్ని వివరించడానికి వేరే సంభాషణ అక్కర్లేకుండా పోయింది. నవలకు విధేయంగా రాఘవరావు అనే ఉంచి ఉంటే, నవల చెప్పదలచుకున్న మాటకే అది అడ్డు తగిలేది.

అసలు పెద్ద మార్పు కాలంలో జరిగింది. నవల మొత్తం ఒక్క రాత్రి. రాఘవరావు జైల్లో ఉన్నాడు, తెల్లవారితే ఉరి. ఆ రాత్రి అతను తన బతుకును పుట తరవాత పుటగా తిప్పుకుంటాడు. తండ్రి, ఊరు, చంద్రి అనే లంబాడీ పిల్ల మీద ప్రేమ, పట్నంలో రిక్షా తొక్కిన రోజులు, తనకు దారి చూపిన కార్మికుడు మక్బూల్, మళ్లీ ఊరు, భూముల పంపకం. ఏ జ్ఞాపకం వచ్చినా దాని మీద ఉరితాడు నీడ పడుతూనే ఉంటుంది. ఆ నీడ అప్పటి వార్తల్లోంచి వచ్చింది. సైనిక ప్రభుత్వం పెట్టిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు రైతులకు ఉరిశిక్షలు వేసిన రోజులవి. వాళ్ల తరఫున సుప్రీంకోర్టులో వాదించడానికి ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టర్ వచ్చాడు. జనగామ నాయకుడు నల్లా నర్సింహులుకు పడ్డ ఉరి ఆ తరవాత యావజ్జీవంగా మారింది. నవల ఆ ఉత్కంఠలో రాసింది. కాబట్టి దాని రసం కరుణ. మొదటి పుటలోనే చావు తెలిసిపోయింది గనుక, పిల్లవాడిగా అతను నవ్వినా మనకు గొంతు పట్టేస్తుంది. లాంతరు వెలుగులో మా నాయన గొంతు వణికింది ఆ చోట్లలోనే. పోరాటం గురించిన పుటలను మాత్రం స్థిరంగా చదివేవాడు.

సినిమా ఆ రాత్రిని తీసేసింది. జైలు లేదు, జ్ఞాపకం లేదు. కథ పిల్లవాడి నుంచి మొదలై ముందుకు నడుస్తుంది. మొదట ఇది పెద్ద నష్టంగానే తోస్తుంది. అంత బలమైన చట్రాన్ని ఎవరైనా వదులుకుంటారా? ఎందుకు వదులుకున్నారో నాకు అర్థం కావడానికి సినిమాను మూడుసార్లు చూడవలసి వచ్చింది. జ్ఞాపకంలో ఒక మనిషే ఉంటాడు. ఊరంతా అతని తలలోంచి కనిపిస్తుంది. తెల్లవారి ఉరి అన్నప్పుడు అతను అప్పటికే అమరుడు. అమరుడి బాల్యం కూడా అమరుడి బాల్యంలాగే మెరుస్తుంది. రామయ్యకు ఆ మెరుపు లేదు. అతను ఎక్కడికి పోతున్నాడో అతనికీ తెలియదు, మనకూ తెలియదు. పశువుల వెంట నడుస్తున్న పిల్లవాడు పశువుల వెంట నడుస్తున్న పిల్లవాడే. సుద్దాల హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' పాట ఆ సమయంలో వస్తుంది. జీతానికి కుదిరిన పిల్లవాడిని పక్కన నిలబడి ప్రశ్నలు అడిగే పాట. ఏ పిల్లవాడినైనా అడగవచ్చు. ఈ పిల్లవాడే నాయకుడవుతాడని పాటకు తెలియదు, తెలియనక్కర్లేదు. నవలలో కరుణ ఒక మనిషి మీద వాలింది. సినిమాలో అది ఊళ్లోని పిల్లలందరి మీదా పరుచుకుంది.

రామయ్యగా వేసిన సాయిచంద్‌కు అది మొదటి సినిమా. త్రిపురనేని గోపీచంద్ కొడుకు, కోస్తా ఇంటి అబ్బాయి. అతని ముఖంలో ఒక అయోమయం ఉంది. వీరుడి ముఖానికి పనికిరానిది అది, ఈ సినిమాకు కావలసిందీ అదే. చంద్రి గడీ మెట్లు ఎక్కవలసి వచ్చిందని తెలిసినప్పుడు అతను కోపాన్ని ఎవరి మీద చూపాలో తెలియక ఆమె మీదే చూపి ఊరు విడిచి పోతాడు. ఆ తప్పును సినిమా కప్పిపుచ్చదు. తరవాత తుపాకి పట్టే మనిషి ముందు ఒక ఆడపిల్లను అర్థం చేసుకోలేక పారిపోయిన మనిషి. అతని చదువు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇక ఆ పాట గురించి. గద్దర్ తెర మీదికి వచ్చి 'బండెనక బండి కట్టి' ఎత్తుకునే చోటు. రాసినవాడు బండి యాదగిరి, పోరాటంలో ఉన్న మనిషే. నవలలో ఈ పాట లేదు. ఉండడానికి వీలూ లేదు, అది ఉర్దూ వచనంలోకి దిగే సరుకు కాదు. తెర మీద ఏముందో చూడండి. భుజాన గొంగడి, చేతిలో కర్ర, చుట్టూ వంత పాడే జనం. కెమెరా పెద్దగా ఏమీ చేయదు. ఆ మనిషి కదులుతుంటే చూస్తూ ఉంటుంది. కర్ర మొదట నేల మీద ఉంటుంది, గొర్రెలు కాచేవాడి కర్ర. చరణాలు గడిచేకొద్దీ అది గాల్లోకి లేస్తుంది. గొంగడి చలికి కప్పుకునేది, వానకు కప్పుకునేది. భుజం మీంచి అది ఊగుతుంటే ఆ మనిషికి రెక్క మొలిచినట్టుంటుంది. పని సామాను అలా పోరు సామానుగా మారుతున్న సంగతి మన కళ్ల ముందే, కత్తిరింపులతో మాయ చేయకుండా జరుగుతుంది.

అంతకంటే పెద్దది ఆ పాటలోని పిలుపు. దొర ముందు చెప్పులు చేత పట్టుకొని, నీ బాంచెన్ అంటూ వంగిన గొంతులు ఇవే. అవే ఇప్పుడు నైజాం సర్కారును ఏకవచనంలో పిలుస్తున్నాయి, ఇంటి పక్క పోకిరిని పిలిచినట్టు. తెలుగులో మర్యాదంతా క్రియ చివర ఉంటుంది. ఆ చివర ఒక్క ప్రత్యయం మారితే ఊళ్లో రాజ్యం మారినట్టే. నవలలో కృష్ణ చందర్ రైతు చేత అందంగా మాట్లాడిస్తాడు. ఆయన ఉర్దూ ఒక నది. కానీ ఆ రైతు, కవి, జైలు కిటికీలోంచి కనిపించే చుక్క, అన్నీ ఒకే అందమైన భాష మాట్లాడతాయి. మర్యాద ఎక్కడ విరిగిందో ఆ అందంలో వినబడదు. సినిమాలో అది చెవికి తగులుతుంది. నవల పుటలు పుటలుగా మేల్కొలుపును వర్ణిస్తుంది. ఈ కొన్ని నిమిషాల్లో మేల్కొలుపు జరుగుతుంది. నేనైతే దీన్ని అనుసరణ అనను, వ్యాఖ్యానం అంటాను. మల్లినాథుడు కాళిదాసుకు చేసినట్టు, పదం విప్పి లోపల ఏముందో చూపించడం.

అలాగని అన్నిచోట్లా సినిమాదే పైచేయి అనలేను. పట్నం భాగం నవలలో నాకు ఎక్కువ ఇష్టం. రిక్షా తొక్కేవాడు పట్నాన్ని ఎలా చూస్తాడో, ఇంకొకడి బరువు లాగుతూ కొత్త అక్షరాలు, కొత్త మాటలు ఎలా నేర్చుకుంటాడో కృష్ణ చందర్ లోపలి నుంచి రాశాడు. సినిమాకు ఆ లోపలి గొంతు లేదు. ఘోష్ డాక్యుమెంటరీ కన్ను ఊళ్లో ఉన్నప్పుడు అన్నీ చూస్తుంది. బావి, మొరం నేల, గుడిసె చూరు, లంబాడీల నగలు. పట్నానికి రాగానే తొందరపడుతుంది. రామయ్య రాజకీయం నేర్చుకోవడం మనం చూడం, నేర్చుకున్నాడని నమ్ముతాం. మక్బూల్‌లాంటి మనుషులు మా లాలాగూడలో ఎంతోమంది ఉండేవారని మా నాయన చెప్పేవాడు. మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ కార్మిక సంఘాలు కట్టిన కాలం. పల్లె నుంచి పారిపోయి వచ్చినవాడు ఇక్కడ మొదట కూలి, తరవాత యూనియన్ మనిషి. ఆ రెండింటి మధ్య ఉన్న ఏళ్ల బరువు తెర మీద లేదు. చంద్రికి కూడా ఇంకొంత చోటు ఇవ్వవలసింది. రామయ్య తప్పును చూపించిన సినిమా, ఆ తప్పు తరవాత ఆమె ఎలా బతికిందో అంతే ఓపికగా చూపించలేదు.

ముగింపుకు వస్తే, అక్కడ సినిమా చేసిన పని మాత్రం నవలకు సాధ్యం కానిది. కారణం కాలమే. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. జనం ధాటికి ఊరు విడిచి పారిపోయిన దొర జగన్నాథరెడ్డి సైన్యంతో పాటే తిరిగి వస్తాడు. ఈసారి ఖద్దరు కట్టుకొని, తల మీద తెల్ల టోపీ పెట్టుకొని. నడక మారలేదు, చూపు మారలేదు, టోపీ ఒక్కటే కొత్తది. నవల రాసేనాటికి ఆ గాయం పచ్చిది. పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్‌లో. టోపీ పెట్టుకున్న దొర తరవాత ఏమవుతాడో ఆనాటి రచయితకు ఊహ మాత్రమే. సినిమా తీసేవాళ్లకు అది ముప్పై ఏళ్ల అనుభవం. మధ్యలో శ్రీకాకుళం జరిగింది, ఎమర్జెన్సీ జరిగింది. 1980లో ఆ టోపీ తెర మీద కనిపించగానే హాల్లో ఒక నిట్టూర్పు వినిపించింది. అది నాకు బాగా గుర్తు. అందరికీ ఆ మనిషి తెలుసు, వాళ్ల వాళ్ల ఊళ్లలో.

రామయ్య సైన్యంతో పోరాడుతూ చనిపోతాడు. ఉరికంబం దగ్గర చనిపోయేవాడికి ఒక రాత్రి ఉంటుంది, బతుకును తిరగేసుకునే తీరిక ఉంటుంది. తూటా తగిలినవాడికి అది లేదు. అతని బదులు ఎవరు జ్ఞాపకం చేసుకోవాలి? చూస్తున్నవాళ్లే చేసుకోవాలి. నవల రాఘవరావుకు ఇచ్చిన ఆ రాత్రిని సినిమా పారేయలేదు. దాన్ని తీసి మన చేతిలో పెట్టింది. చిలకలగూడ దాకా నడుస్తూ మా నాయన ఆ ఒక్క మాట తప్ప మాట్లాడకపోవడానికి కారణం ఇదేనని, నవల విన్నాక గాని నాకు తెలియలేదు. ఆయన కూడా మెదక్ పల్లె నుంచి పొట్ట చేత పట్టుకొని సికింద్రాబాద్ వచ్చినవాడే. ఆ దారంతా ఆయన తన ఊరిని తిరగేసుకుంటున్నాడు.

ఈ రెంటిలో ఏది గొప్పదంటే చెప్పడానికి నాకు సంకోచం లేదు. ఏడిపించడంలో నవల గొప్పది. తెలంగాణ మనిషిని అతని మాటలో, అతని పేరుతో నిలబెట్టడంలో సినిమా గొప్పది. మూలాన్ని అంతగా ప్రేమించి, అంత ధైర్యంగా దాటిన సినిమా తెలుగులో ఇంకొకటి నేను చూడలేదు. నరసింగరావు తరవాత తానే దర్శకుడై 1988లో 'దాసి' తీశాడు. చంద్రికి ఇక్కడ దొరకని చోటు అక్కడ గడీ దాసికి దొరికింది. 'మా భూమి' తనలో మిగిలిన వెలితిని అలా పూడ్చుకుందని నేను అనుకుంటాను.

మా నాయన కితాబు ఇప్పుడు నా దగ్గర ఉంది. మొదటి పుటలో, ఉర్దూలో రాఘవరావు పేరు వచ్చిన చోట, పక్కన పెన్సిల్‌తో తెలుగులో 'రామయ్య' అని రాసి ఉంది. ఎప్పుడు రాశాడో చెప్పలేదు. ఇంట్లో ఉర్దూ చదవగల పెద్దవాళ్లు ఉంటే, దయచేసి ఒక రాత్రి వాళ్ల పక్కన కూర్చొని ఈ నవల చదివించుకోండి, చిన్నదే, తెల్లవారేలోగా అయిపోతుంది. సినిమాను మరునాడు చూడండి.